ఓనర్‌కి ఇది పెట్టు

ఒరేయ్ చిన్నా, ఇంటి అడ్వాన్స్ గురించి ఓనర్‌కి పెడతానని రాత్రి ఒంటిగంటకి నువ్వు పంపిన డ్రాఫ్ట్ పొద్దున చదివా, నాలుగు స్క్రీన్లు ఉంది. నీ కోపం న్యాయమే, నేనైనా మండిపోయేదాన్నే. కానీ "ఇదేనా మీ పెద్దరికం", "మీ అబ్బాయి పంపే డాలర్లు చాలట్లేదా", "కోర్టుకి ఈడుస్తా" ఇవన్నీ చదివాక ఆయన డబ్బులిస్తాడా, స్క్రీన్‌షాట్ తీసి అపార్ట్‌మెంట్ గ్రూపులో పడేస్తాడు. అసలు పనికొచ్చేవి మూడు ముక్కలే ఉన్నాయి అందులో, అగ్రిమెంట్‌లో పెయింటింగ్ 8,000 అని ఉండటం, గీజర్ రిపేరు, ఖాళీ చేసేటప్పుడు తీసిన వీడియో. వాటితోనే రాశా, చూడు.

నమస్తే అంకుల్, బాగున్నారా. మార్చి 28న చెప్పినట్టే ఏప్రిల్ 30న ఫ్లాట్ ఖాళీ చేసి తాళాలు వాచ్‌మన్‌కి ఇచ్చాను. అడ్వాన్స్ 32,000లో పెయింటింగ్‌కి 16,000, గీజర్‌కి 6,500, క్లీనింగ్‌కి 3,000 పట్టుకుంటానని నిన్న ఫోన్లో అన్నారు కదా, అప్పుడు సరిగ్గా మాట్లాడలేకపోయాను, అందుకే రాస్తున్నా.

పెయింటింగ్‌కి అగ్రిమెంట్‌లో 8,000 అని రాసుకున్నాం, అది పట్టుకోండి, నాకేం అభ్యంతరం లేదు. గీజర్ నేను పాడు చేసింది కాదు అంకుల్, బోరు నీళ్ల ఉప్పుకి ఎలిమెంట్ పోతే జనవరిలో 1,450 పెట్టి నేనే మార్పించా, అప్పుడు మీకు బిల్లు కూడా పంపాను. ఖాళీ చేసేటప్పుడు పనిచేస్తోంది, ఆ రోజు ఇల్లు ఊడ్పించి తుడిపించాక తీసిన వీడియోలో వేడినీళ్లు రావడం కనిపిస్తుంది. బిల్లు, వీడియో, అగ్రిమెంట్ పేజీ ఫొటో కింద పెడుతున్నా.

ఏప్రిల్ కరెంటు బిల్లు 940 కూడా తీసేస్తే నాకు రావాల్సింది 23,060. కొత్త ఇంటికి అడ్వాన్స్ కట్టడానికి ఫ్రెండ్ దగ్గర అప్పు తీసుకున్నా, 20వ తారీకులోపు పంపితే సాయం చేసినవారవుతారు. నేను ఎప్పుడూ అద్దె పంపే నా నంబరుకే ఫోన్‌పే చేయొచ్చు. లెక్కలో ఏదైనా తేడా ఉందనిపిస్తే చెప్పండి, ఆదివారం వచ్చి కూర్చుని మాట్లాడుకుందాం. ఆంటీకి నమస్కారాలు చెప్పండి.

ఇంతే. జనవరి రిపేరు 1,450 కూడా వెనక్కి అడగమన్నావు కానీ అది వదిలెయ్, దాని కోసం మిగతాది ఇరుక్కుపోతుంది. "ఆంటీకి నమస్కారాలు" మాత్రం తీసెయ్యకు, నీకు జ్వరం వచ్చినప్పుడు ఆవిడే కదా చారన్నం పంపింది. మధ్యాహ్నం పెట్టకు, ఆయన పడుకుంటాడు, సాయంత్రం వాకింగ్ అయ్యాక పెట్టు. రెండు టిక్కులు నీలం అయ్యాయని వెంటనే ఫోన్ కొట్టకు. రిప్లై ఏమొచ్చినా ముందు నాకు పంపు, అర్థమైందా.