మొదటి 7 రోజులు ఉచితం, ఆ తర్వాత ఏడాదికి రూ. 1,799: బటన్ నొక్కే ముందు చదవండి

పై వీడియోలో కనిపిస్తున్న ఇంటి వ్యాయామ కార్యక్రమాన్ని మా యాప్‌లో 7 రోజుల పాటు ఉచితంగా వాడుకోవచ్చు. ట్రయల్ ముగిసేలోపు, ఐఫోన్‌లో అయితే దానికి కనీసం 24 గంటల ముందే, మీరు రద్దు చేయకపోతే, వార్షిక సబ్‌స్క్రిప్షన్ దానంతట అదే మొదలై, మీరు ఇచ్చిన చెల్లింపు మార్గం నుంచి రూ. 1,799 ఒకేసారి తీసుకోబడుతుంది. జీఎస్టీ ఇందులోనే ఉంది. మీరు రద్దు చేసేంత వరకు ప్రతి ఏడాదీ అదే విధంగా రెన్యూ అవుతుంది. రద్దు చేయడానికి మాకు ఫోన్ చేయవలసిన పని గానీ, కారణం చెప్పవలసిన పని గానీ లేదు. మీ ఫోన్‌లోని గూగుల్ ప్లే లేదా ఆపిల్ సబ్‌స్క్రిప్షన్ల పేజీలో మీరే చేసుకోవచ్చు.

ఈ నాలుగు మాటలనూ పైనే పెట్టడానికి కారణం ఉంది. వీడియో కింద రాసిన దానిలో మొదటి కొన్ని పంక్తులే అందరికీ కనబడతాయి, మిగిలినది నొక్కితే తెరుచుకుంటుంది. డబ్బు సంగతి ఆ మడత వెనక ఉండకూడదని మా అభిప్రాయం. ఇక వివరాలు.

ధర గురించి ముందుగా ఒక మాట. రూ. 1,799ని 12తో భాగిస్తే నెలకు సుమారు రూ. 150 అవుతుంది. లెక్క సరైనదే, కానీ ఆ రూ. 150 చొప్పున మేము ఎవరి దగ్గరా తీసుకోము. ఖాతా నుంచి వెళ్ళేది మొత్తం రూ. 1,799, అది కూడా ఒకే రోజున. అందువల్ల యాప్‌లోని కొనుగోలు పేజీలో పెద్ద అక్షరాలతో రాసినది వార్షిక మొత్తమే. నెలవారీ ప్లాన్ కూడా ఉంది, దాని ధర రూ. 249, అయితే దానికి ఉచిత ట్రయల్ లేదు. ఏడాది పొడవునా వాడేవారికి వార్షిక ప్లాన్ లాభం, ఎందుకంటే పన్నెండు నెలలకు విడివిడిగా కడితే రూ. 2,988 అవుతుంది. ఏడు నెలలకు మించి వాడనని మీకు అనిపిస్తే మాత్రం నెలవారీ ప్లానే చవక: ఏడు నెలలకు రూ. 1,743. ఇది మా ఆదాయానికి అంత మేలు చేసే మాట కాదు గానీ, ప్లాన్ ఎంచుకునేవారికి తెలియవలసిన మాట.

ట్రయల్ మొదలుపెట్టేటప్పుడు స్టోరు మీ చెల్లింపు మార్గాన్ని అడుగుతుంది. తెరపై ఈ రోజు చెల్లించవలసినది రూ. 0 అనీ, ట్రయల్ ముగిసే తేదీ నుంచి రూ. 1,799 అనీ కనిపించాలి. ఆ రెండు అంకెలూ, తేదీ కనబడకుండా వేరే ఏదైనా కనిపిస్తే నిర్ధారించకుండా వెనక్కి రండి. యూపీఐ ఆటోపే ఎంచుకున్నవారికి, డబ్బు దానంతట అదే తీసుకోవడానికి ఇచ్చే అనుమతి అయిన మ్యాండేట్ కోసం యూపీఐ పిన్ అడిగే తెర వస్తుంది. అక్కడ ఒక గరిష్ఠ పరిమితి కనిపించవచ్చు. ఆ పరిమితి ఎంత ఉన్నా, ఆ మ్యాండేట్ కింద ట్రయల్ తర్వాత తీసుకోబడేది ప్లాన్ ధర మాత్రమే. చెల్లింపు మార్గం పనిచేస్తోందో లేదో చూడటానికి స్టోరు చిన్న మొత్తం తీసుకుని తిరిగి ఇచ్చే సందర్భాలు కూడా ఉంటాయి, దానిని ట్రయల్ రుసుముగా భావించవద్దు.

సమయం విషయంలోనే ఎక్కువమంది తడబడతారు. ట్రయల్ లెక్క రోజు మారగానే కాదు, మీరు మొదలుపెట్టిన నిమిషం నుంచి నడుస్తుంది. సోమవారం రాత్రి 7:30కి మొదలుపెడితే మరుసటి సోమవారం రాత్రి 7:30కి ముగుస్తుంది. అయితే ఆఖరి నిమిషం దాకా ఆగవద్దు. ఆపిల్ నిబంధన ప్రకారం ట్రయల్ ముగియడానికి కనీసం 24 గంటల ముందే రద్దు చేయాలి, కాబట్టి ఈ ఉదాహరణలో ఐఫోన్ వాడేవారికి గడువు ఆదివారం రాత్రి 7:30. గూగుల్ ప్లేలో వాడేవారికి కూడా అదే గడువును పాటించమని మా సలహా. గుర్తు చేయడానికి అయిదో రోజున యాప్ నోటిఫికేషన్, ఈమెయిల్ రెండూ పంపుతాము; అందులో ముగిసే తేదీ, గంట, తీసుకోబోయే మొత్తం, రద్దు పేజీకి లింకు ఉంటాయి. నోటిఫికేషన్లు ఆపివేసినవారికి ఈమెయిల్ ఒక్కటే దిక్కు, అదీ స్పామ్‌లోకి వెళ్ళిపోవచ్చు. అందుచేత ఫోన్ క్యాలెండర్‌లో మీరే ఒక గుర్తు పెట్టుకోవడం మేలు. కార్డు లేదా యూపీఐ మ్యాండేట్ ద్వారా డబ్బు తీసుకోవడానికి కనీసం 24 గంటల ముందు సమాచారం ఇవ్వాలని భారతీయ రిజర్వు బ్యాంకు నిబంధన ఉంది గనుక, బ్యాంకు నుంచి కూడా ఒక సందేశం రావచ్చు. కానీ అది వచ్చేసరికి ఆపిల్ గడువు దాటిపోయి ఉండే అవకాశం ఉంది కాబట్టి, రద్దు చేయాలనుకుంటే దానికోసం ఎదురుచూడవద్దు.

రద్దు చేసే విధానం ఇది. ఆండ్రాయిడ్ ఫోన్‌లో గూగుల్ ప్లే తెరిచి, పైన కుడి మూలనున్న మీ ప్రొఫైల్ బొమ్మను నొక్కండి. అక్కడ Payments & subscriptions, దానిలో Subscriptions తెరిస్తే మా యాప్ పేరు కనిపిస్తుంది. దానిని నొక్కి, అడుగున ఉన్న Cancel subscription ఎంచుకోండి. గూగుల్ ఒక కారణం అడుగుతుంది, ఏది ఎంచుకున్నా పని ఆగదు. ఐఫోన్‌లో Settings తెరిచి, అన్నిటికన్నా పైన ఉన్న మీ పేరును నొక్కి, Subscriptions లోకి వెళ్ళి, మా యాప్‌ను ఎంచుకుని, Cancel Subscription నొక్కండి. ఆ బటన్ లేకుండా గడువు ముగిసే తేదీ మాత్రమే కనిపిస్తుంటే, రద్దు ఇప్పటికే పూర్తయిందని అర్థం. రెండు చోట్లా ఆఖరి నిర్ధారణ తెరను దాటేవరకు రద్దు కానట్టే. సగంలో వెనక్కి వచ్చేసి రద్దు చేశామనుకున్నవారు లేకపోలేదు, కాబట్టి స్టోరు నుంచి నిర్ధారణ ఈమెయిల్ వచ్చిందో లేదో ఒకసారి చూసుకోండి.

జాబితాలో మా యాప్ అసలు కనిపించకపోతే కంగారు పడవద్దు. దాదాపు ఎప్పుడూ కారణం ఒకటే: ఒకే ఫోన్‌లో రెండు మూడు గూగుల్ ఖాతాలు ఉండటం. సబ్‌స్క్రిప్షన్ ఫోన్‌కు కాదు, కొన్న ఖాతాకు అతుక్కుని ఉంటుంది. ఆఫీసు మెయిల్‌తో చూస్తున్నారేమో గమనించి, ప్రొఫైల్ బొమ్మను నొక్కి సొంత మెయిల్‌కు మారి చూడండి. ఫోన్ మార్చినవారికీ, ఇంట్లో మరొకరి ఫోన్‌లో ట్రయల్ మొదలుపెట్టినవారికీ ఇదే వర్తిస్తుంది. ఏ ఖాతాతో కొన్నారో గుర్తులేకపోతే, మీ మెయిల్ పెట్టెల్లో ట్రయల్ మొదలైన రోజున స్టోరు పంపిన రసీదు కోసం వెతకండి. అది ఏ పెట్టెలో ఉంటే సాధారణంగా ఆ ఖాతాయే.

యాప్‌ను ఫోన్‌లోంచి తీసివేసినంత మాత్రాన సబ్‌స్క్రిప్షన్ రద్దు కాదు. మా యాప్‌లో మీ ఖాతాను తొలగించినా రద్దు కాదు, ఎందుకంటే చెల్లింపు నడిచేది స్టోరు దగ్గర. ఖాతా తొలగించే పేజీలో ఈ హెచ్చరికను ఎర్రటి పెట్టెలో పెట్టాము. అలాగే యూపీఐ యాప్‌లో మ్యాండేట్‌ను మాత్రమే రద్దు చేస్తే డబ్బు వెళ్ళడం ఆగవచ్చు గానీ, స్టోరు లెక్కలో సబ్‌స్క్రిప్షన్ చెల్లింపు విఫలమైనదిగా మిగిలి, వేరే చెల్లింపు మార్గం ఇవ్వమని సందేశాలు వస్తూనే ఉంటాయి. ముందు స్టోరులో రద్దు చేసి, ఆ తర్వాత కావాలంటే మ్యాండేట్ సంగతి చూసుకోండి.

ట్రయల్ మధ్యలో రద్దు చేసినా ఏడు రోజులూ పూర్తయ్యేవరకు మా కార్యక్రమాలన్నీ తెరిచే ఉంచుతాము. కాబట్టి మొదటి రోజే రద్దు చేసి, నిశ్చింతగా వారమంతా వాడుకుని, నచ్చితే మళ్ళీ చేరవచ్చు. అది తప్పు కాదు, దానికి జరిమానా లేదు. ఒక ఖాతాకు ట్రయల్ ఒక్కసారే వస్తుంది. డబ్బు చెల్లించిన తర్వాత రద్దు చేస్తే ఆ ఏడాది పూర్తయ్యేవరకు వాడుకోవచ్చు, తర్వాతి రెన్యువల్ ఆగిపోతుంది. మీ వ్యాయామ రికార్డు మాత్రం మీరు ఖాతాను తొలగించేవరకు మీకు కనిపిస్తూనే ఉంటుంది.

మరచిపోయి డబ్బు పోతే తిరిగి వస్తుందా? వాపసు నిర్ణయం స్టోరుదే, మేము హామీ ఇవ్వలేము. ఐఫోన్‌వారు reportaproblem.apple.com లోనూ, ఆండ్రాయిడ్‌వారు గూగుల్ ప్లేలోని ఆర్డర్ల చరిత్రలోనూ వీలైనంత త్వరగా అడగండి. గూగుల్ ప్లే ద్వారా కొని, డబ్బు వెళ్ళిన 7 రోజుల్లోపు, ఆ తర్వాత ఒక్క వ్యాయామం కూడా మొదలుపెట్టకుండా మాకు రాసినవారికి పూర్తి మొత్తాన్ని మేమే వాపసు ఇస్తాము. ఆపిల్ కొనుగోళ్ళలో ఆ అవకాశం మాకు లేదు.

ముందు ముందు వార్షిక ధర మారితే కనీసం 30 రోజుల ముందు ఈమెయిల్ ద్వారా తెలియజేస్తాము, కొత్త ధర తర్వాతి రెన్యువల్‌కు మాత్రమే వర్తిస్తుంది. ఏటా రెన్యువల్‌కు 7 రోజుల ముందు కూడా గుర్తుచేస్తాము. ఈ ఆఫర్‌కు ఆఖరి తేదీ లేదు. కొనుగోలు పేజీలో తరిగిపోతున్న గడియారం కూడా పెట్టలేదు, కాబట్టి తీరికగా ఆలోచించుకుని మొదలుపెట్టండి.

ఈ ట్రయల్ వారంలో మీకు దక్కేది ఏమిటో కూడా స్పష్టంగా చెప్పాలి. 30 నిమిషాల చొప్పున 5 వ్యాయామాలు ఉంటాయి, అంటే మొత్తం 150 నిమిషాలు. పెద్దవారు వారానికి కనీసం 150 నిమిషాలు మధ్యస్థాయి శారీరక శ్రమ చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాలు చెబుతున్నాయి, కార్యక్రమాన్ని ఆ లెక్కకు సరిపోయేలా రూపొందించాము. ఏడు రోజుల్లో బరువులో చెప్పుకోదగ్గ తేడా ఆశించవద్దు. శిక్షకుల సూచనలు అర్థమవుతున్నాయా, సమయం మీ దినచర్యకు కుదురుతోందా, మోకాళ్ళ మీద భారం పడే కదలికలకు ఇచ్చిన ప్రత్యామ్నాయాలు మీకు సరిపోతున్నాయా అన్నవి తేల్చుకోవడానికి ఈ వారం పనికొస్తుంది. గుండె జబ్బు, అధిక రక్తపోటు, గర్భం, ఇటీవలి శస్త్రచికిత్స ఉన్నవారు వైద్యుణ్ణి అడిగిన తర్వాతే మొదలుపెట్టాలి.

రద్దు చేయడంలో చిక్కు వస్తే యాప్‌లోని సహాయం పేజీ నుంచి రాయండి, పనిదినాల్లో 24 గంటల్లోపు జవాబు ఇస్తాము. గూగుల్ ప్లే రసీదులో GPA తో మొదలయ్యే ఆర్డర్ నంబరు ఉంటుంది, అది పంపితే మీ కొనుగోలును త్వరగా గుర్తించగలము. కార్డు నంబరు, ఓటీపీ, యూపీఐ పిన్ మాత్రం పంపవద్దు. మా సిబ్బంది వాటిని ఏ సందర్భంలోనూ అడగరు, మా పేరు చెప్పి అడిగినవారు మా వారు కారు.