శైలూ, తీరిక దొరికినప్పుడు చదువు

శైలూ, ఇది ఫోన్‌లోనే చెబుదామనుకున్నా. కానీ నేను మొదలెట్టగానే నువ్వు నవ్వేసి మాట మార్చేస్తావు, నాకేమో గొంతు పూడుకుపోతుంది. అందుకే రాస్తున్నా. మొత్తం చదివాకే రిప్లై ఇవ్వు.

ఆదివారం మారతహళ్ళిలో రమ్య వాళ్ళ గృహప్రవేశం. భోజనాల దగ్గర "బెంగళూరు నీళ్ళు నీకు బాగా ఒంటబట్టాయే, ఇంకో కుర్చీ వెయ్యాలేమో" అన్నావు. అక్కడితో ఆగినా సరిపోయేది. వడ్డించే అబ్బాయి నా ఆకులో రెండో బొబ్బట్టు వెయ్యబోతుంటే "దానికొద్దు బాబూ, ఇప్పటికే ఎక్కువైంది" అని చెయ్యి అడ్డం పెట్టావు. అతను నా మొహం చూశాడు, నీ మొహం చూశాడు, పక్క ఆకుకి వెళ్ళిపోయాడు. నాకు ఆ బొబ్బట్టు కావాలి శైలూ. ఎదురు వరసలోంచి రమ్య అత్తగారు "థైరాయిడ్ చూపించుకున్నావా అమ్మా" అని అందుకున్నారు. నేనూ అందరితో పాటు నవ్వాను. ఇంటికొచ్చి చీరైనా మార్చుకోకుండా చాలాసేపు అలాగే కూర్చుండిపోయా.

నేను లావైన మాట నిజమే. మొన్న ఆయాసం ఎక్కువైతే డాక్టరు స్టెరాయిడ్ మాత్రలు రాశారు. వాటికి ఆకలి పెరుగుతుంది, మొహం ఉబ్బుతుంది. ఇది నీకు చెప్పాలా వద్దా అని చాలా ఆలోచించా. చెబితే "అయ్యో, మందుల వల్లా! ముందే చెప్పొచ్చుగా" అంటావని తెలుసు. మందులు లేకుండా, ఉత్త బిర్యానీలు తినే లావైనా, నలుగురిలో నా ఒంటి గురించి అనడం నాకు ఇష్టం లేదు.

నువ్వు మనసులో ఏదో పెట్టుకుని అన్నావనుకోవట్లేదు. మనవాళ్ళకి మనిషి కనబడితే "ఒళ్ళు చేశావ్", "చిక్కిపోయావ్" అనడం పలకరింపే. ఆ పలకరింపు నాకొద్దు. తగ్గినప్పుడు "అబ్బ, ఎంత బావున్నావే" అని కూడా అనొద్దు. అది విన్నాక, ఇన్నాళ్ళూ బాగోలేనన్నమాట అనిపిస్తుంది. నా తిండి జోలికి అసలు రావొద్దు.

ఇంకో మాట. నన్నే కాదు, ఎవర్నీ అనకు. ఆ రోజే కావ్యని "పుల్లలా ఉన్నావ్, మీ ఆయన తిండి పెట్టట్లేదా" అన్నావు. దానికేం ఇబ్బందులున్నాయో మనకేం తెలుసు? మీ చిన్ని కూడా నీ పక్కనే నిలబడి వింది. కాసేపటికి అద్దం ముందు పొట్ట లోపలికి లాక్కుని చూసుకుంటుంటే నా కడుపులో దేవినట్టయింది. ఎనిమిదేళ్ళ పిల్ల!

సారీలు చెప్పి హడావిడి చెయ్యకు, రమ్య వాళ్ళింట్లో ఈ సంగతి ఎత్తకు. మళ్ళీ నోరుజారితే అక్కడే "శైలూ, వద్దు" అంటా, ఆపెయ్ చాలు.

ఇవాళ చెయ్యాలనుకుంటే ఏడు దాటాక చెయ్. అంతవరకూ సిల్క్ బోర్డ్ ట్రాఫిక్‌లోనే ఉంటా.