ఎర్ర కారు, ఇప్పుడు ఎవరి వంతు?
(మూడు నుంచి ఐదేళ్ల పిల్లలకు చేతిబొమ్మల ఆట)

ఆడించేది ఒక్క టీచర్ చాలు. ఆట పది నిమిషాలు, ఆ తర్వాత పిల్లల సాధన ఇంకో ఐదారు నిమిషాలు. ఒకేసారి పన్నెండు మందికి మించి కూర్చోబెట్టకండి. వెనక వరసలో ఉన్నవాళ్లకు బొమ్మల చేతులు కనబడకపోతే ఈ ఆట మొత్తం వృథా. ఇందులో అసలు విషయమంతా ఆ చేతులు చేసే పనిలోనే ఉంది.

కావలసినవి: తొడుక్కునే చేతిబొమ్మలు రెండు, ఒక చిన్న ఎర్ర కారు, చెక్క దిమ్మెలు ఏడు, దిమ్మెలకు ఒక బుట్ట, గుడ్డ కప్పిన బల్ల. బుజ్జి కుందేలు కుడి చేతికి, టింకు ఉడుత ఎడమ చేతికి. చూపుడు వేలు బొమ్మ తలలో, బొటనవేలూ నడిమి వేలూ బొమ్మ చేతుల్లో ఉండాలి. కారు తేలికైన ప్లాస్టిక్‌దై ఉండాలి, జానెడులో సగానికి మించకూడదు. లోహపు కారైతే బొమ్మ చేతుల్లోంచి జారి కిందపడుతుంది. పిల్లలు నవ్వుతారు, అక్కడితో కథ తెగిపోతుంది. కారు ఒక బొమ్మ నుంచి ఇంకో బొమ్మకు చేతులు మారడాన్ని ముందురోజే పదిసార్లు సాధన చేయండి.

మాట్లాడే బొమ్మ తల మాత్రమే కదలాలి. రెండోది కదలకుండా దాని వైపే చూడాలి. రెండూ ఊగుతుంటే ఎవరు మాట్లాడుతున్నారో మూడేళ్ల పిల్లలకు అర్థం కాదు. మీ ముఖం దాచుకోనక్కర్లేదు. మీరు బొమ్మ వైపు చూస్తే పిల్లలూ బొమ్మ వైపే చూస్తారు.

మొదటి రంగం: లాగుడు

(బుజ్జి బల్ల మీద కారు నడుపుతోంది.)

బుజ్జి: డుర్‌ర్‌ర్... తప్పుకోండి, తప్పుకోండి! కారు వస్తోంది!

(టింకు వస్తాడు. కారు వైపు చూస్తాడు. మూడు అంకెలు లెక్కపెట్టేంతసేపు అలాగే చూడనివ్వండి.)

టింకు: అబ్బ! ఎర్ర కారు! నాకు కావాలి!

(లాగేస్తాడు. బుజ్జి గట్టిగా పట్టుకుంటుంది. ఒక్కసారి అటు, ఒక్కసారి ఇటు, అంతే.)

బుజ్జి: నాది! వదులు!

టింకు: నాకివ్వు!

టీచర్: ఆగండి, ఆగండి. కారు నా దగ్గర ఉంచుతా. (కారును బల్ల మధ్యలో పెట్టి, దాని పక్కన రెండు బొమ్మల్నీ ఆపాలి.) బుజ్జీ, ఏమైంది?

బుజ్జి: (తల దించుకుని) నేను ఆడుకుంటుంటే లాగేశాడు. నాకు ఏడుపొస్తోంది.

టీచర్: టింకూ, నువ్వు చెప్పు.

టింకు: నాకూ నడపాలనిపించింది.

టీచర్: నడపాలనిపిస్తే తప్పేం లేదురా. లాగితే బుజ్జికి బాధేసింది. మరి ఎలా అడగాలి? పిల్లలూ, టింకుకి చెబుతారా?

(పిల్లలు ఏదో ఒకటి చెబుతారు. "ప్లీజ్ అనాలి" అన్నా, "ఇవ్వు అనాలి" అన్నా ఒప్పుకుని, వాక్యాన్ని మీరు పూర్తి చేయండి. "టింకు చెడ్డోడు" అని ఎవరైనా అంటే: "చెడ్డోడు కాదు. ఎలా అడగాలో వాడికింకా రాదు. మనం నేర్పుదామా?" "కొట్టు!" అని అరిస్తే జవాబివ్వకుండా టింకు వైపు తిరిగి కథ నడిపించండి.)

టీచర్: ఇలా అడుగుదాం. "బుజ్జీ, నీదయ్యాక నాకిస్తావా?" అందరం ఒక్కసారి.

(పిల్లలతో రెండుసార్లు అనిపించాలి.)

లాగే దృశ్యం ఇంతటితో అయిపోవాలి. పిల్లలు నవ్వారని మళ్లీ లాగించకండి. బొమ్మలు ఎక్కువసార్లు ఏది చేస్తే ఆటస్థలంలో పిల్లలు అదే చేస్తారు. లాగడం ఒక్కసారే జరగాలి, అడిగి తీసుకోవడం కనీసం నాలుగుసార్లు జరగాలి.

రెండో రంగం: ఆగడం

(కారు మళ్లీ బుజ్జి దగ్గరే ఉంది. టింకు నెమ్మదిగా వస్తాడు. చేతులు రెండూ వెనక్కి.)

టింకు: బుజ్జీ... నీదయ్యాక నాకిస్తావా?

బుజ్జి: నేనింకా నడుపుతున్నా. పాట అయిపోగానే ఇస్తా.

టింకు: పాటా? చాలాసేపా?

టీచర్: ఎక్కువసేపు కాదు. చప్పట్లు కొడుతూ అందరం పాడదాం. పాట అయ్యేసరికి నీ వంతు వచ్చేస్తుంది.

(రెండు చేతులకూ బొమ్మలున్నాయి కాబట్టి చప్పట్లు పిల్లలే కొడతారు. మెల్లగా పాడాలి. బుజ్జి కారు నడుపుతూనే ఉండాలి.)

ఒకటీ రెండూ, కారు కదిలె
మూడూ నాలుగు, మలుపు తిరిగె

(టింకు ఒంటికాలి మీద ఊగినట్టు అటూ ఇటూ కదులుతాడు.)

టింకు: అయిపోయిందా?

టీచర్: ఇంకా లేదు. ఆగడం కష్టంగా ఉందా?

టింకు: చాలా కష్టంగా ఉంది! నా చెయ్యి దానంతటదే వెళ్లిపోతోంది, చూడు!

(టింకు చెయ్యి కారు వైపు చాచుతాడు. మధ్యలో ఆపుతాడు. ఆ చేతిని రెండో చేత్తో పట్టుకుని కడుపుకు ఆనించుకుంటాడు. ఈ కదలిక పిల్లలందరికీ స్పష్టంగా కనబడాలి. మీ బొటనవేలు, నడిమి వేలు కలిస్తే సరిపోతుంది.)

టీచర్: భలే పట్టుకున్నావు! చెయ్యి వెళ్లిపోతుంటే అలా పట్టుకోవచ్చన్నమాట. పిల్లలూ, మీరూ పట్టుకుని చూపించండి.

ఐదూ ఆరూ, వంతెన దాటె
ఏడూ ఎనిమిది, ఇంటికి వచ్చె
తొమ్మిదీ పదీ, వంతు మారె!

బుజ్జి: ఇదిగో టింకూ, ఇప్పుడు నీ వంతు.

టింకు: నాకే? నిజంగానే? డుర్‌ర్‌ర్...!

చాలామంది ఈ రంగాన్ని తొందరగా దాటేస్తారు. "కాసేపాగాడు, తర్వాత ఇచ్చింది" అని చెప్పేసి ముందుకెళ్తారు. అలా వద్దు. పిల్లలకు అడగడం తేలిగ్గానే వస్తుంది, రానిది ఆగడం. అడిగాక వంతు వచ్చేవరకు ఒళ్లు ఏం చేస్తుంది, చేతులు ఎక్కడ పెట్టుకోవాలి, ఎంతసేపు అనేది వాళ్లు కళ్లారా చూడాలి. అందుకే పాట మొత్తం పాడాలి. ఒక్క చరణం కూడా తగ్గించకండి. "రెండు నిమిషాలు ఆగు" అంటే మూడేళ్ల బిడ్డకు అదెంతో తెలియదు. పాట ఎక్కడిదాకా వచ్చిందో మాత్రం తెలుస్తుంది.

మూడో రంగం: తిరిగి ఇవ్వడం

బుజ్జి: టింకూ, నీదయ్యాక నాకిస్తావా?

టింకు: పాట అయ్యాక ఇస్తా!

(పాట మళ్లీ. ఈసారి బుజ్జి చేతులు కట్టుకుని నిలబడుతుంది. "వంతు మారె" అన్నాక టింకు కారు ఇవ్వడు, ఇంకా గట్టిగా పట్టుకుంటాడు.)

టింకు: ఊఁహూఁ... ఇంకొంచెం.

టీచర్: ఇంకా నడపాలనుంది కదూ. పాట అయిపోయింది మరి. టింకూ, నువ్వు ఇచ్చేస్తే మళ్లీ నీ వంతు ఎప్పుడొస్తుంది?

టింకు: (కాసేపు ఆలోచించి) ...బుజ్జి పాట అయ్యాక?

బుజ్జి: అవును! నేను మళ్లీ నీకే ఇస్తా.

టింకు: అయితే... ఇదిగో.

(వెంటనే మూడోసారి పాట పాడి, కారును తప్పకుండా టింకుకి ఇప్పించాలి. వంతు మళ్లీ వస్తుందని మాటతో చెబితే చాలదు, వచ్చినట్టు కనబడాలి. టైం లేదని ఇక్కడ ఆపేస్తే "ఇచ్చేస్తే పోయినట్టే" అని పిల్లలకు అర్థమవుతుంది. టైం చాలకపోతే నాలుగో రంగం రేపటికి ఉంచండి.)

నాలుగో రంగం: ఏడు దిమ్మెలు

(బుజ్జి బుట్టతో వస్తుంది.)

టింకు: బుజ్జీ, దిమ్మెలు! నీదయ్యాక నాకిస్తావా?

బుజ్జి: ఇవి చాలా ఉన్నాయి కదా. ఆగడం ఎందుకు? ఇద్దరం కలిసి కడదాం.

టీచర్: కారు ఒక్కటే ఉంది కాబట్టి వంతులేసుకున్నారు. ఇవి చాలా ఉన్నాయి, పంచుకోవచ్చు.

బుజ్జి: నీకొకటి, నాకొకటి. నీకొకటి, నాకొకటి...

(పిల్లలు బిగ్గరగా అనాలి. ఇద్దరి ముందూ మూడేసి దిమ్మెలు. బుట్టలో ఒకటి మిగిలింది.)

టింకు: ఒకటే ఉంది. నాకు!

బుజ్జి: నాకు!

టీచర్: పిల్లలూ, ఒకటే మిగిలింది. ఏం చేద్దాం?

(కనీసం పది సెకన్లు ఆగండి. "విరగ్గొట్టు", "టీచర్‌కి ఇచ్చెయ్", "దాచెయ్" లాంటివి వస్తాయి. వచ్చిన వాటిలో పనికొచ్చేది ఉంటే బొమ్మలతో అదే చేయించండి. రాకపోతే ముందుకు వెళ్లండి.)

టింకు: బుజ్జీ, నా మూడు ఒకదాని మీద ఒకటి పెడతా. నీ మూడు ఇక్కడ పెట్టు. మిగిలింది పైన అడ్డంగా పెడితే...

బుజ్జి: వంతెన! ఇద్దరిదీ!

(కారు వంతెన కింద నుంచి వెళ్తుంది. రెండు దొంతరల మధ్య కారు పట్టేంత ఖాళీ ఉందో లేదో, అడ్డంగా పెట్టే దిమ్మె అంత పొడవుందో లేదో ముందే చూసుకోండి. ఆ ఏడో దిమ్మె మిగతావాటికంటే పొడుగ్గా ఉంటే సుఖం.)

పిల్లల వంతు

టింకు: మా ఆట అయిపోయింది. ఇప్పుడు కారు నడిపేది మీరు!

బుజ్జిని తీసి పక్కన పెట్టండి, టింకు చేతికే ఉండాలి. కారు టింకు దగ్గర ఉంటుంది. ఒక్కో బిడ్డ వచ్చి "టింకూ, నీదయ్యాక నాకిస్తావా?" అని అడగాలి. అందరూ పాట పాడతారు, టింకు ఇస్తాడు. బిడ్డ ఒక పాటంతసేపు నడిపి టింకుకి తిరిగిస్తుంది.

ఒకరోజు నలుగురికి మించి వద్దు. అందరికీ ఒకేరోజు అవకాశం ఇవ్వాలని చూస్తే చివరివాళ్లు పావుగంట కూర్చోవాలి, అది వాళ్ల వయసుకు మించిన పని. ఈరోజు ఎవరు, రేపు ఎవరు అనేది పిల్లల ఫొటోలు గానీ గుర్తులు గానీ వరసగా గోడకు అంటించి చూపించండి. వంతు అయిన వాళ్ల గుర్తును వాళ్ల చేతే తీయించండి.

మాట పెగలని బిడ్డ చెయ్యి చాచి టింకు కళ్లలోకి చూస్తే చాలు, "నీకూ కావాలా? పాట అయ్యాక ఇస్తా" అని టింకే అనాలి. బొమ్మంటే భయపడే వాళ్లు ఒకరిద్దరు ఉంటారు. వాళ్ల దగ్గరికి టింకుని తీసుకెళ్లకండి, కారును బల్ల మీద జరపండి. ఎవరైనా తిరిగి ఇవ్వనంటే చేతిలోంచి లాక్కోకండి, అది మొదటి రంగంలో టింకు చేసిన పనే అవుతుంది. "ఇంకొక్క చుట్టు, తర్వాత టింకుకి" అని చెప్పి, ఆ చుట్టు అయ్యాక మీ అరచేయి చాచి ఆగండి.

మర్నాటి నుంచి ఉయ్యాల దగ్గర, జారుడుబల్ల దగ్గర ఇదే పాట, ఇదే వాక్యం వాడండి. అయితే గొడవపడుతున్న బిడ్డతో "టింకులా చేస్తున్నావు" అని మాత్రం అనకండి. ఆ పేరు ఒక్కసారి తిట్టుగా మారితే, పిల్లలు ఆ బొమ్మతో మళ్లీ ఆడరు.