కాంపోజిట్ గోడలు, థర్మల్ రెసిస్టెన్స్, రేడియేషన్: జవాబులతో ఏడు ప్రశ్నలు

సెమిస్టర్ పరీక్షకు ముందు చేసుకోవడానికి తయారు చేసిన సెట్ ఇది. వేరేగా చెప్పని చోటల్లా స్టెడీ స్టేట్, ఒకే దిశలో కండక్షన్ అనుకోండి. σ = 5.67 × 10⁻⁸ W/m²·K⁴. జవాబు కాగితంతో మూసి, ముందు మీరే చేయండి.

ప్రశ్న 1 (1 మార్కు). మూడు పొరల సమతల గోడలో టెంపరేచర్ గ్రాఫ్ ఏ పొరలో బాగా ఏటవాలుగా ఉంటుంది?

జవాబు: k అన్నిటికన్నా తక్కువ ఉన్న పొరలో. మూడు పొరల్లోనూ q ఒకటే, q = k·(dT/dx) పరిమాణం. కాబట్టి k తగ్గితే వాలు పెరగాల్సిందే. "మందమైన పొరలో" అని రాసేవాళ్లు వాలునీ మొత్తం టెంపరేచర్ డ్రాప్‌నీ కలిపేసుకుంటున్నారు. డ్రాప్ L/k మీద ఆధారపడుతుంది, వాలు k ఒక్కదాని మీదే.

ప్రశ్న 2 (1 మార్కు). ఒక బ్లాక్ బాడీ 1449 K దగ్గర ఉంది. ఏ తరంగదైర్ఘ్యం దగ్గర దాని ఉద్గారం గరిష్ఠం?

జవాబు: 2898 / 1449 = 2 µm. వీన్ నియమం, ఒక్క లైనులో అయిపోతుంది.

ప్రశ్న 3 (10 మార్కులు). ఫర్నేస్ గోడలో లోపల 230 మి.మీ. ఫైర్‌బ్రిక్ (k = 1.15 W/m·K), మధ్యలో 115 మి.మీ. ఇన్సులేటింగ్ బ్రిక్ (k = 0.23 W/m·K), బయట 140 మి.మీ. మామూలు ఇటుక (k = 0.7 W/m·K) ఉన్నాయి. లోపలి ఉపరితలం 960 °C, బయటి ఉపరితలం 60 °C. (అ) చదరపు మీటరుకు హీట్ లాస్ ఎంత? (ఆ) పొరలు కలిసే రెండు చోట్లా టెంపరేచర్ ఎంత? (ఇ) ఇన్సులేటింగ్ బ్రిక్ 700 °C మించి తట్టుకోదు. ఉపరితల టెంపరేచర్లు మారకుండా ఫైర్‌బ్రిక్ మందం కనీసం ఎంత ఉండాలి?

జవాబు: ముందు సర్క్యూట్ బొమ్మ గీయండి: మూడు రెసిస్టెన్స్‌లు సిరీస్‌లో.

R₁ = 0.23/1.15 = 0.2 m²·K/W
R₂ = 0.115/0.23 = 0.5 m²·K/W
R₃ = 0.14/0.7 = 0.2 m²·K/W
మొత్తం R = 0.9 m²·K/W

(అ) q = (960 − 60)/0.9 = 1000 W/m²

(ఆ) మొదటి చోట 960 − 1000 × 0.2 = 760 °C. రెండో చోట 760 − 1000 × 0.5 = 260 °C. అక్కడి నుంచి ఇంకో 200 తీస్తే 60 °C రావాలి, వచ్చింది. ఈ సరిచూసుకోవడం పది సెకన్ల పని. 115 మి.మీ. పొర ఒక్కటే 900 డిగ్రీల్లో 500 మింగేసిందని కూడా గమనించండి.

(ఇ) అసలు మెలిక ఇక్కడే ఉంది. చాలామంది q = 1000 అలాగే ఉంచి R₁ = 260/1000 = 0.26 అని, మందం 299 మి.మీ. అని రాసేస్తారు. కానీ మందం పెంచితే మొత్తం R పెరుగుతుంది, q తగ్గుతుంది. ఆ 299 మి.మీ.ని తిరిగి లెక్కలో పెట్టి చూడండి: మొత్తం R = 0.96, q = 937.5, ఫైర్‌బ్రిక్ అవతలి వైపు 60 + 937.5 × 0.7 ≈ 716 °C. ఇటుక ఇంకా ప్రమాదంలోనే ఉంది.

బయటి నుంచి లోపలికి రావాలి. ఫైర్‌బ్రిక్ అవతలి వైపు సరిగ్గా 700 °C అనుకుంటే:

q = (700 − 60)/(0.5 + 0.2) = 914.3 W/m²
R₁ = (960 − 700)/914.3 = 0.2844 m²·K/W
L₁ = 0.2844 × 1.15 = 0.327 m

అంటే కనీసం 327 మి.మీ.

ప్రశ్న 4 (5 మార్కులు). 1 m² గోడ ప్యానెల్ మందం 100 మి.మీ. దాని వైశాల్యంలో 15% చెక్క నిట్రాళ్లు (k = 0.15 W/m·K), మిగతా 85% గ్లాస్ ఉల్ (k = 0.04 W/m·K). రెండు వైపులా తేడా 20 K. వేడి వెళ్లేది గోడకి లంబంగా మాత్రమే అనుకుంటే, మొత్తం ఎంత? అందులో చెక్క వాటా ఎంత?

జవాబు: వేడికి రెండు దార్లు పక్కపక్కనే ఉన్నాయి కాబట్టి ఇవి ప్యారలల్. R లు కూడేస్తే ఇక్కడ మార్కులు పోతాయి. కండక్టెన్స్ (kA/L) కూడడం తేలిక.

చెక్క: 0.15 × 0.15/0.1 = 0.225 W/K
గ్లాస్ ఉల్: 0.04 × 0.85/0.1 = 0.34 W/K
Q = 0.565 × 20 = 11.3 W

చెక్క వాటా 0.225/0.565, దాదాపు 40%. వైశాల్యంలో ఉన్నది 15 శాతమే!

ప్రశ్న 5 (5 మార్కులు). 2 మి.మీ. వ్యాసం ఉన్న తీగ మీద k = 0.16 W/m·K ఉన్న ఇన్సులేషన్ వేశారు. బయట h = 10 W/m²·K. క్రిటికల్ రేడియస్ ఎంత? అంతవరకు ఇన్సులేషన్ వేస్తే, అవే టెంపరేచర్ల దగ్గర హీట్ లాస్ ఎన్ని రెట్లవుతుంది?

జవాబు: r_c = k/h = 0.016 m, అంటే 16 మి.మీ. మీటరు పొడవుకు లెక్క:

ఏమీ లేనప్పుడు: R = 1/(2π × 0.001 × 10) = 15.92 K·m/W
ఇన్సులేషన్‌తో: R = ln(16)/(2π × 0.16) + 1/(2π × 0.016 × 10) = 2.76 + 0.99 = 3.75 K·m/W

15.92/3.75 ≈ 4.2 రెట్లు. కండక్షన్ రెసిస్టెన్స్ పెరిగింది నిజమే, కానీ గాలికి తగిలే ఉపరితలం పదహారు రెట్లయింది. k/h సూత్రం సిలిండర్‌కి. గోళానికైతే 2k/h.

ప్రశ్న 6 (8 మార్కులు). రెండు పెద్ద సమాంతర ప్లేట్లు 527 °C, 227 °C దగ్గర ఉన్నాయి. రెండిటికీ ε = 0.8. (అ) రేడియేషన్ ఫ్లక్స్ ఎంత? (ఆ) మధ్యలో రెండు వైపులా ε = 0.05 ఉన్న షీల్డ్ పెడితే ఎంత? (ఇ) షీల్డ్ టెంపరేచర్ ఎంత?

జవాబు: మొదటి పని కెల్విన్‌లోకి మార్చడం: 800 K, 500 K. టెన్షన్‌లో సెల్సియస్ అలాగే పెడితే 2815 W/m² వస్తుంది. చూడ్డానికి నమ్మేలా ఉండే అంకె, అందుకే దొరకదు.

(అ) q = σ(800⁴ − 500⁴)/(1/0.8 + 1/0.8 − 1) = 19681/1.5 ≈ 13120 W/m²

(ఆ) షీల్డ్‌కి ఒక్కో వైపు గ్యాప్: 1/0.8 + 1/0.05 − 1 = 20.25. రెండు గ్యాప్‌లు సిరీస్‌లో, 40.5.
q = 19681/40.5 ≈ 486 W/m²

ఒక్క మెరిసే రేకుతో 96 శాతానికి పైగా తగ్గిపోయింది. రేకు మందానికి ఇందులో పాత్రే లేదు, అంతా ఉపరితలాలదే.

(ఇ) రెండు గ్యాప్‌లూ సమానం కాబట్టి సరాసరి తీయాలి, అయితే T కి కాదు, T⁴ కి.
T_s⁴ = (800⁴ + 500⁴)/2, T_s ≈ 697 K
650 K అని రాస్తే సున్నా.

ప్రశ్న 7 (5 మార్కులు). వేడి గ్యాస్ పోయే డక్ట్‌లో థర్మోకపుల్ 650 K చూపిస్తోంది. డక్ట్ గోడలు 500 K. థర్మోకపుల్ బీడ్‌కి ε = 0.6, h = 80 W/m²·K. గ్యాస్ అసలు టెంపరేచర్ ఎంత? తీగల వెంట కండక్షన్ వదిలేయండి.

జవాబు: బీడ్ గ్యాస్ నుంచి కన్వెక్షన్‌తో తీసుకున్నదంతా చల్లటి గోడలకి రేడియేషన్‌తో ఇచ్చేస్తోంది. చుట్టూ ఉన్న గోడలతో పోలిస్తే బీడ్ చాలా చిన్నది కాబట్టి గోడ ε అక్కర్లేదు.

h(T_g − 650) = εσ(650⁴ − 500⁴)
T_g = 650 + 3947/80 ≈ 699 K

థర్మోకపుల్ 49 డిగ్రీలు తక్కువ చూపిస్తోంది. మీటర్ చెడిపోయి కాదు, అది చూపించేది బీడ్ టెంపరేచర్ కాబట్టి. దాని చుట్టూ షీల్డ్ పెడితే ఈ తేడా ఎందుకు తగ్గుతుందో ఆరో ప్రశ్న పక్కన పెట్టుకుని రెండు వాక్యాల్లో రాయండి (2 మార్కులు).