గోడకి అటూ ఇటూ

మొగల్రాజపురంలో మా అపార్ట్‌మెంటు మూడో అంతస్తులో మాది 302. పక్కన 303లో నరసింహం బాబాయిగారు, పిన్నిగారు. బాబాయిగారు రైల్వేలో సిగ్నల్స్ విభాగంలో చేసి రిటైరయ్యారు. రెండిళ్లకీ మధ్య ఒకటే గోడ. దానికి ఇటువైపు, టీవీ పక్కన మా రౌటర్. అటువైపు సరిగ్గా అక్కడే వాళ్లదీ ఉందని నాలుగు నెలలపాటు నాకు తెలీదు.

సాయంత్రం ఐదున్నరకి నాకు ఆఫీసు మీటింగ్. సగంలో గొంతులు తెగిపోయేవి, మొహాలు బిగుసుకుపోయేవి. లేచి రౌటర్ ఆపి, పది లెక్కపెట్టి మళ్లీ వేసేదాన్ని. బాగయ్యేది. పావుగంట తిరిగేసరికి మళ్లీ అదే గోల. కంప్లయింట్ ఇస్తే ఒక కుర్రాడొచ్చి, ల్యాప్‌టాప్‌కి నేరుగా కేబుల్ పెట్టి చూసి, "లైన్ బాగానే ఉంది మేడం" అన్నాడు. నేను నమ్మలేదు. నిజానికి అతను చెప్పింది అక్షరాలా నిజం. తీగలో వచ్చేదానికి ఏ లోపమూ లేదు.

మే నెలలో ఒకరోజు లిఫ్ట్ దగ్గర పిన్నిగారు కనబడ్డారు. డాలస్‌లో మనవడు బడికెళ్లే ముందు ఐదున్నరకి వీడియోలో కనిపిస్తాడట. "ఇప్పుడు వాడి మాట వినడమే లేదమ్మా. మీ బాబాయిగారు రోజూ ఆ డబ్బా ఆపడం, వేయడం!" అన్నారు.

"ఏ టైముకి పిన్నిగారూ?"

"ఐదూ నలభైకి ఒకసారి, ఆరింటికి ఒకసారి."

నేను ఆపేది ఐదూ యాభైకి. ఆదివారం వస్తానని చెప్పాను.

అల్లం టీ, జంతికలు టీపాయ్ మీద పెట్టి పిన్నిగారు కూడా కూర్చున్నారు. ఫోన్‌లో వైఫై సిగ్నళ్లు చూపించే యాప్ తెరిచాను. తెర మీద రెండు పెద్ద గుట్టలు, ఒకదాని మీదికి ఒకటి ఎక్కి ఉన్నాయి. వైఫై నడిచే దారిని ఛానెల్ అంటారు, ఒక్కోదానికి ఒక నంబర్. మాది ఛానెల్ 6. వాళ్లది 4, పైగా మా దానికి రెట్టింపు వెడల్పు. దూరంగా 11 మీద చిన్న గుట్ట, కింద ఇంటివాళ్లది.

రౌటర్ సెట్టింగులు తెరవడానికి బాబాయిగారు కళ్లజోడు పెట్టుకుని బ్రౌజర్‌లో `192.168.1.1` కొట్టారు. పాస్‌వర్డ్ డబ్బా కిందే రాసుంది. వాళ్ల రౌటర్‌లో ఛానెల్ దగ్గర `Auto`, వెడల్పు దగ్గర `40 MHz`. నాదీ `Auto`నే.

"అంటే ఆపి వేసినప్పుడల్లా అది కొత్త చోటు వెతుక్కుంటుంది," అన్నాను. "నేను వేస్తే మాది జరిగి మీ మీద పడుతుంది. మీరు వేస్తే మీది మా మీద."

ఆయన కాసేపు మాట్లాడలేదు. "ఇన్నాళ్లూ మనిద్దరం ఒకళ్లనొకళ్లం తరుముకున్నామా అమ్మాయ్!" అన్నారు.

పేపర్ అంచున పెన్సిల్‌తో 1 నుంచి 13 దాకా గీతలు గీశారు. గీతకీ గీతకీ ఎడం 5 మెగాహెర్ట్జ్. ఒక్కో రౌటర్‌కి కావలసింది కనీసం 20. అందుకే 1, 6, 11 వాడితే ఒకటి ఇంకోదాన్ని తాకదు.

"ఇద్దరం ఒకే నంబర్ మీద ఉంటే?"

"అదైనా నయమే బాబాయిగారూ. ఒకటి మాట్లాడుతుంటే రెండోది విని ఆగుతుంది. 4, 6 లాగా సగం సగం కలిస్తే ఒకదాని మాట రెండోదానికి ఉత్త చప్పుడు."

"ఒకే లైను మీద రెండు బళ్లయితే సిగ్నల్ ఇచ్చి ఒకదాన్ని ఆపుతాం. ఇక్కడ లైన్లే సగం కలిసిపోయాయన్నమాట," అని తలాడించారు. ఇంత తేటగా ఆ విషయం నాకు ఇంకెవరూ చెప్పలేదు.

ఈ గుట్టలన్నీ వదిలేసి వైఫైలోనే వేరే దారులున్న 5 గిగాహెర్ట్జ్‌కి మారిపోవచ్చుగా అంటే, వాళ్ల పాత రౌటర్‌లో అది లేదు. మా దాంట్లో ఉంది కానీ నేను పనిచేసే వెనక గదికి రెండు గోడలు దాటేసరికి నీరసపడుతుంది. కాబట్టి పంచుకున్నాం: వాళ్లకి 1, మాకు 6, ఇద్దరికీ `20 MHz`. `Auto` తీసేశాం. వాళ్ల డబ్బాని గోడ దగ్గర్నుంచి పూజగది పక్కన అలమార మీదికి మార్చాం. టీ చల్లారిపోయిందని పిన్నిగారు మళ్లీ పెట్టుకొచ్చారు.

సోమవారం ఐదున్నరకి నా మీటింగ్ నడుస్తుండగా గోడ అవతల నుంచి మనవడు పాట పాడుతున్న చప్పుడు సన్నగా వినిపించింది. ఎక్కడా తెగలేదు. నేను మైకు ఆపుకుని చివరిదాకా విన్నాను.

వారం తర్వాత గాలివానకి రాత్రి కరెంటు పోయి, గంటకి వచ్చింది. రౌటర్ దీపాలు ఇంకా మినుకుమంటుండగానే బాల్కనీలోంచి బాబాయిగారి గొంతు.

"అమ్మాయ్, నీది ఆరేనా?"

"ఆరే బాబాయిగారూ. మీది?"

"ఒకటే ఉంది. పడుకో అమ్మా."