మనసే ముందు నడుస్తుంది: ధమ్మపదం తొలి రెండు గాథలు

మనోపుబ్బంగమా ధమ్మా మనోసెట్ఠా మనోమయా
మనసా చే పదుట్ఠేన భాసతి వా కరోతి వా
తతో నం దుక్ఖమన్వేతి చక్కం వ వహతో పదం

అన్నిటికీ ముందు నడిచేది మనసు. అన్నిటికీ పెద్ద మనసు. అన్నీ మనసుతో అయినవే. చెడిన మనసుతో మాట్లాడినా, పని చేసినా, లాగేదాని అడుగు వెంట చక్రంలా దుఃఖం వెంటపడుతుంది.

లాగేది అంటే ఎద్దే అనుకుంటాం గానీ, ఎద్దు అన్న మాట మూలంలో లేదు. ‘వహతో’ అంటే లాగేది అనే. ఎద్దు నెమ్మదిస్తే చక్రం నెమ్మదిస్తుంది, పరుగెడితే పరుగెడుతుంది. కాడి మెడ మీద ఉన్నంతసేపు తప్పించుకునే దారి లేదు.

ఈ గాథ వెనుక కథను ధమ్మపదానికి పాళీ వ్యాఖ్యానమైన అట్ఠకథ చెబుతుంది. శ్రావస్తికి చెందిన మహాపాలుడు పెద్ద వయసులో భిక్షువయ్యాడు. భిక్షువులు ఒకేచోట ఉండే వర్షావాసం మూడు నెలలూ నడుము వాల్చనని వ్రతం పట్టాడు. కళ్లకు జబ్బు చేసింది. పడుకుని మందు వేసుకోమన్నాడు వైద్యుడు. కళ్లు ముఖ్యమా, బుద్ధుని బోధ ముఖ్యమా అని తనను తానే అడిగి చూసుకుని, కూర్చునే మందు వేసుకున్నాడు. చూపు పోయింది. అదే క్షణంలో మనసులోని మలినాలన్నీ తొలగి అర్హతుడయ్యాడు. అప్పటినుంచి ఆయన చక్ఖుపాలుడు; చక్ఖు అంటే కన్ను.

తరువాత ఆయన శ్రావస్తిలో బుద్ధుడు ఉండే జేతవనం చేరాడు. ఒక రాత్రి వాన కురిసింది. తడి నేల మీదికి ఇంద్రగోపాలు, మనం ఆరుద్ర పురుగులనే ఆ ఎర్రటి మఖమల్ చుక్కలు, బయటికి వచ్చాయి. చీకటిలో నడుస్తూ ధ్యానం చేస్తున్న ఆ గుడ్డి స్థవిరుడి పాదాల కింద ఎన్నో నలిగాయి. పొద్దున్నే చూసిన భిక్షువులు బుద్ధుడికి ఫిర్యాదు చేశారు. “ఆయన చంపుతుంటే చూశారా?” అని అడిగాడు బుద్ధుడు. లేదన్నారు. “మీరు ఆయనను చూడనట్లే ఆయనా పురుగులను చూడలేదు. అర్హతుడికి చంపాలన్న సంకల్పం ఉండదు.” నాకు కథంతా ఈ జవాబులోనే ఉంది.

మరి కళ్లెందుకు పోయాయి? పూర్వజన్మలో ఆయన వారణాసిలో వైద్యుడు. చూపు వస్తే బిడ్డలతో సహా దాసినవుతానని మాటిచ్చిన స్త్రీ, నయమయ్యాక బొంకింది. కసికొద్దీ ఆమెను గుడ్డిదాన్ని చేసే మందు ఇచ్చాడు. ఆ చక్రం ఇన్ని జన్మలు వెంట వచ్చింది.

రెండో గాథ కథ ఒక పిసినారి బ్రాహ్మణుడిది. కంసాలికి కూలి ఇవ్వాల్సి వస్తుందని కొడుకు చెవిపోగులు తానే చేశాడు. అందుకే ఆ పిల్లవాడు మట్ఠకుండలి, నునుపు చెవిపోగులవాడు. కామెర్లు వస్తే చెయ్యి దాటేదాకా వైద్యుణ్ణి పిలవలేదు. చావు దగ్గరపడ్డాక, పరామర్శకు వచ్చేవారి కంట ఇంట్లో సంపద పడకూడదని పంచలో పడుకోబెట్టాడు. ఇంటి లోపలివైపు తిరిగి ఉన్న పిల్లవాడికి వెలుగు కనిపించి ఇటు తిరిగాడు. ఎదుట బుద్ధుడు. చేతులెత్తే శక్తి కూడా లేదు. మనసు మాత్రం ప్రసన్నమైంది. అలాగే కన్నుమూసి దేవలోకంలో పుట్టాడు. అక్కణ్ణుంచి వచ్చి ఆ సంగతి తండ్రికి చెప్పాడు.

దానం, వ్రతం ఏమీ లేకుండా మనసు ప్రసన్నమైతే చాలా, అని తరువాత తండ్రి అడిగాడు. “నన్నెందుకు అడుగుతావు? నీ కొడుకే చెప్పాడు కదా” అన్నాడు బుద్ధుడు.

మనసా చే పసన్నేన భాసతి వా కరోతి వా
తతో నం సుఖమన్వేతి ఛాయావ అనపాయినీ

ప్రసన్నమైన మనసుతో మాట్లాడినా, పని చేసినా, విడిచిపోని నీడలా సుఖం వెంట వస్తుంది.