రొయ్యల షెడ్డు కూలీల చేతి సమస్యలు: ఎథిక్స్ కమిటీకి దరఖాస్తు (సవరించి రెండోసారి)

స్టడీ గురించి
నాది ఎం.ఎస్.డబ్ల్యూ రెండో సంవత్సరం, ఇది నా డిసర్టేషన్. ముత్తుకూరు వైపు రెండు ఊళ్ల నుంచి రొయ్యల షెడ్లకు వెళ్లే 24 మంది ఆడవాళ్లతో ఒక్కొక్కరితో 40 నిమిషాలు మాట్లాడతాను. తెల్లారకముందే ఆటో ఎక్కి, ఐసులో తడిసిన రొయ్యలు గంటల తరబడి ఒలిచి, కిలో లెక్కన కూలి తెచ్చుకునేవాళ్లు. వేళ్ల సందుల్లో పుండ్లు పడినప్పుడు పని మానుతారా, ఎవరికైనా చెప్తారా, లేక గుడ్డ చుట్టుకుని వెళ్లిపోతారా అన్నదే నాకు కావాలి. మందులు, రక్తపరీక్షలు ఏమీ లేవు. చేతుల ఫోటోలు కూడా తీయను, పచ్చబొట్టు చూసి ఫలానా ఆవిడే అని ఊళ్లో చెప్పేయగలరు.

ఎవరిని, ఎలా పిలుస్తాను
18 నిండినవాళ్లనే. మేస్త్రీ చేతగానీ, పొదుపు సంఘం లీడరు చేతగానీ పిలిపించను, వాళ్లు రమ్మంటే కాదనడం కష్టం. ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పాలి: మా పిన్ని కూడా షెడ్డుకు వెళ్తుంది. ఆమె నన్ను నలుగురికి పరిచయం చేస్తుంది, అంతే. ఎవరు ఒప్పుకున్నారో ఆమెకు చెప్పను, ఆమెను ఇంటర్వ్యూ చేయను.

పాల్గొనేవాళ్లకు రిస్కులు
మొదటిసారి ఈ గడిలో "ఏమీ లేవు" అని రాశాను, కమిటీ వెనక్కి పంపింది, పంపడం న్యాయమే. అసలు రిస్కు నా ప్రశ్నల్లో లేదు, ఆమె నాతో మాట్లాడిందని మేస్త్రీకి తెలియడంలో ఉంది. మర్నాడు ఆటోలో చోటు లేదంటే ఆ రోజు కూలి పోయినట్టే. అందుకే షెడ్డు దగ్గర, ఆటో ఆగేచోట మాట్లాడను. ఎక్కడ, ఎప్పుడు అన్నది ఆమే చెప్తుంది, పని లేని రోజైతే మంచిది. మధ్యలో ఎవరైనా వస్తే మాట మారుస్తాను, అవసరమైతే లేచి వచ్చేస్తాను.

రెండోది, మాటల్లో వేధింపుల విషయం రావచ్చు. నేను అడగను, కానీ చెప్తే వింటాను. రికార్డింగ్ ఆపి, 181 మహిళా హెల్ప్‌లైన్, ఉచిత న్యాయసాయానికి 15100 ఉన్నాయని, పది మంది కంటే తక్కువ పనిచేసే చోటయితే జిల్లా స్థాయి లోకల్ కమిటీకి ఫిర్యాదు చేయొచ్చని చెప్తాను. ఆమె తరఫున నేనే ఫిర్యాదు పెట్టేయను. ఎవరికైనా ప్రాణాపాయం ఉందనిపిస్తే మాత్రం గైడ్‌కు చెప్పక తప్పదు, ఆ మాట ముందే ఆమెకు చెప్తాను.

సమ్మతి పత్రం (చదివి వినిపించేది)
"అక్కా, నేను కాలేజీలో చదువుకుంటున్నా. షెడ్డు పనిలో చేతులకు వచ్చే ఇబ్బందుల గురించి అడుగుతాను. నేను ఓనరు మనిషిని కాదు, గవర్నమెంటు మనిషిని కాదు. దీనివల్ల మీకు పథకం రాదు, కూలి పెరగదు, ఆ ఆశ పెట్టుకోవద్దు. ఇష్టం లేని ప్రశ్న వదిలేయండి, మధ్యలో చాలు అనిపిస్తే లేచిపోండి, నేనేమీ అనుకోను. మీరు ఒప్పుకుంటేనే రికార్డు చేస్తాను, లేదంటే రాసుకుంటాను. తర్వాత వద్దనిపిస్తే 15 రోజుల్లోపు చెప్పండి, మీరు చెప్పిందంతా తీసేస్తాను. ఇప్పుడు నేను చెప్పినదాంట్లో మీకేం అర్థమయిందో ఒకసారి మీ మాటల్లో చెప్తారా?"

ఆ చివరి ప్రశ్నకు జవాబు వచ్చేదాకా ముందుకు వెళ్లను. నా నంబరు, కమిటీ నంబరు ఉన్న చీటీ ఇస్తాను, ఇంట్లో ఎవరైనా చూస్తారని భయమైతే తీసుకోనక్కర్లేదు.

సంతకం విషయంలో కమిటీని ఒక మినహాయింపు కోరుతున్నాను. పేరు, సంతకం లేదా వేలిముద్ర ఉన్న ఆ కాగితం ఒక్కటే ఆమెను పట్టిచ్చే వస్తువు. ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాల ప్రకారం కమిటీ అనుమతిస్తే సాక్షి సమక్షంలో నోటిమాటగా సమ్మతి తీసుకోవచ్చు. సాక్షిగా ఆ ఊరితో సంబంధం లేని నా క్లాస్‌మేట్ వస్తుంది, గోప్యత పత్రం మీద ఆమె సంతకం జతచేశాను.

గోప్యత
పేర్ల బదులు ర-1 నుంచి ర-24 వరకు నంబర్లు. పేర్ల లిస్టు అసలు రాయను. వద్దనుకునేవాళ్లు నంబరు చెప్తే చాలు. ఆడియో నా ఫోన్‌లో లాక్ వేసిన ఫోల్డర్‌లో ఉంటుంది, వాట్సాప్‌లో ఎవరికీ పంపను, టైప్ చేశాక 30 రోజుల్లో తీసేస్తాను. టైప్ చేసిన కాగితాలు డిపార్ట్‌మెంట్ బీరువాలో 3 ఏళ్లు, తాళం గైడ్ దగ్గర. రిపోర్టులో ఊరి పేరు, షెడ్డు పేరు ఉండవు. ఊళ్లో ఒక్కరికే వర్తించే వివరాలు, కవలల తల్లి లాంటివి, మార్చి రాస్తాను.

డబ్బు
కూలి పోయే వేళలో మాట్లాడను కాబట్టి పరిహారం లేదు. టీ, బిస్కట్లు నా ఖర్చు.

మొదలుపెట్టేది
కమిటీ లెటరు చేతికొచ్చాకే. పిన్నితో కూడా అప్పటిదాకా ఆగమన్నాను.